ఒకే ఊరికి మూడు పేర్లు, పోస్టుకు ఐదు హ్యాష్‌ట్యాగులు: బరంపురంలోని చిన్న ఫిట్‌నెస్ స్టూడియోకు ఎంపిక ఎలా?

సంక్షిప్తంగా: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టుకు ముప్పై హ్యాష్‌ట్యాగులు పెట్టుకునే రోజులు ముగిశాయి. మిగిలిన ఐదు చోట్లలో ఏది పెట్టాలన్నది పెద్ద ఊళ్లకన్నా ఒడిశాలోని బరంపురం వంటి సరిహద్దు పట్టణాల్లో ఎక్కువ చిక్కుగా మారింది, ఎందుకంటే ఇక్కడ ఊరి పేరే మూడు నాలుగు రకాలుగా రాస్తారు, ఆ పేర్లతోనే వేరే రాష్ట్రాల్లో వేరే ఊళ్లు ఉన్నాయి. ట్యాగుకు ఎన్ని లక్షల పోస్టులు ఉన్నాయన్నది కాక, ఆ పేరు కింద కనిపించే మనుషులు ఏ ఊరివాళ్లన్నది చూసి ఎంచుకోవడం, పోస్టు విషయాన్ని బట్టి రెండు మూడు గుంపులుగా విడదీసి వాడడం ఈ వ్యాసం పరిశీలించే పద్ధతి.

ముప్పై నుంచి ఐదుకు

హ్యాష్‌ట్యాగు 2007లో ట్విట్టర్‌లో పుట్టింది. ఇన్‌స్టాగ్రామ్ దాన్ని 2011లో తెచ్చుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఒక్కో పోస్టుకు ముప్పై వరకు పెట్టుకునే వీలు ఉండడంతో, చిన్న వ్యాపారులు ఫోన్‌లో ఒక నోటుగా ముప్పై మాటలు దాచుకుని ప్రతి పోస్టు కిందా అదే ముద్దను అతికించడం అలవాటు చేసుకున్నారు. 2021లో ఇన్‌స్టాగ్రామే మూడు నుంచి ఐదు చాలని సూచించింది. 2024 డిసెంబరులో హ్యాష్‌ట్యాగును అనుసరించే సౌకర్యాన్ని తీసేసింది. 2025 డిసెంబరులో ఐదు అన్నది సూచన స్థాయి దాటి పరిమితిగా మారింది.

ఈ మార్పుల వెనుక ఉన్న కారణాన్ని అర్థం చేసుకుంటేనే ఎంపిక తేలికవుతుంది. ఒకప్పుడు హ్యాష్‌ట్యాగు ఒక సంత వంటిది. జనం ఆ సంతకు వచ్చి చూసేవారు, కాబట్టి ఎక్కువ సంతల్లో సరుకు పెట్టినవాడు ఎక్కువ మందికి కనబడేవాడు. ఇప్పుడు వీడియోను ఎవరికి చూపాలన్నది, మొదట చూసిన కొద్దిమంది దాన్ని ఎంతసేపు చూశారు, ఇష్టపడ్డారా, మరొకరికి పంపారా అన్న లెక్కల మీద నడుస్తున్నది. హ్యాష్‌ట్యాగుకు మిగిలిన పని రెండు. పోస్టు దేని గురించో యంత్రానికి చెప్పే గుర్తుగా పనిచేయడం ఒకటి. ఎవరైనా వెతికినప్పుడు ఆ మాటకు ఈ పోస్టు దొరికేలా చేయడం మరొకటి. పోస్టు ఎంతమందికి చేరుతుందన్న లెక్కను, అంటే చేరువను, హ్యాష్‌ట్యాగులు గట్టిగా పెంచవని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి పలుమార్లు చెప్పారు. ఆ మాట నిజమే అయినా, అరవై డెబ్బై మంది సభ్యులతో నడిచే స్టూడియోకు దేశమంతటి చేరువతో పనిలేదు. మూడు కిలోమీటర్ల లోపలి మనిషి వెతికినప్పుడు కనబడడమే దానికి కావలసింది. కాబట్టి పెద్ద ఖాతాలకు తగ్గిపోయిన ప్రయోజనం, స్థానిక వెతుకులాట విషయంలో చిన్న స్టూడియోకు ఇంకా మిగిలే ఉంది.

మరో మార్పు కూడా దీనికి తోడైంది. 2025 జులై నుంచి వృత్తిపరమైన ఖాతాల బహిరంగ పోస్టులు గూగుల్ వెతుకులాటలో కూడా కనబడే ఏర్పాటు వచ్చింది. అంటే పోస్టు కింద రాసిన ఊరి పేరు, పేట పేరు ఇన్‌స్టాగ్రామ్ గోడ దాటి బయట కూడా పనికి రావచ్చు.

ఊరి పేరే చిక్కుముడి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రాంతంగా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో బరంపురం పెద్ద పట్టణం. తెలుగువాళ్లకు అది బరంపురం. రైల్వే స్టేషనుకు అది బ్రహ్మపూర్. విశ్వవిద్యాలయానికీ, విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కూ, ఊళ్లోని సగం దుకాణాల బోర్డులకూ అది బెర్హంపూర్. ఫోన్‌లో వెతికేవాడు ఈ మూడింట్లో ఏది టైపు చేస్తాడో ముందుగా చెప్పలేం, `#berhampur`, `#brahmapur` అన్నవి యంత్రానికి సంబంధం లేని రెండు వేరు మాటలు.

చిక్కు అక్కడితో ఆగదు. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు బహరంపూర్. దాన్ని ఇంగ్లిషులో `Berhampore` అనీ `Baharampur` అనీ రాస్తారు, కొందరు తొందరలో `Berhampur` అని కూడా రాసేస్తారు. బిహార్‌లోని బక్సర్ జిల్లాలో ఒక బ్రహ్మపూర్ ఉంది. కాబట్టి `#berhampur` పేజీ తెరిస్తే అందులో ఉన్నవాళ్లంతా మన ఊరివాళ్లన్న నమ్మకం లేదు.

పట్టు నేతకు పేరుపడిన ఊరు కాబట్టి `#silkcity` అని పెట్టుకోవాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. అభిమానంగా బాగానే ఉంటుంది కానీ వెతుకులాటకు ఇది బలహీనమైన ఎంపిక. బిహార్‌లోని భాగల్‌పూర్‌నూ, బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీనీ కూడా పట్టు నగరమనే పిలుస్తారు. ఢాకా నుంచి రాజ్‌షాహీ వెళ్లే ఒక రైలు పేరే సిల్క్ సిటీ ఎక్స్‌ప్రెస్. ఆ ట్యాగు కింద పెట్టిన స్క్వాట్ల వీడియో రైలు వీడియోల పక్కన నిలబడుతుంది. అంతకన్నా పెద్ద పొరపాటు పేట పేరును ఒంటరిగా వాడడం. గాంధీనగర్‌లో స్టూడియో ఉన్నవారు `#gandhinagar` అని పెడితే ఆ పోస్టు గుజరాత్ రాజధానిలోకి వెళ్లి పడుతుంది. అదే మాటకు ఊరి పేరు జోడించి `#gandhinagarberhampur` అని రాస్తే అర్థం ఒక్కటే అవుతుంది. గోసాని నువాగాం వంటి పేట పేరు మాత్రం ఇంకెక్కడా లేనంత ప్రత్యేకమైనది కాబట్టి దాన్ని ఒంటరిగా వాడినా నష్టం లేదు.

ఒక ట్యాగు మన ఊరిదా కాదా అన్నది తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. దాన్ని వెతికి, పైన కనబడే పన్నెండు పదిహేను పోస్టులను తెరిచి చూడాలి. వ్యాపారాల చిరునామాల్లో పిన్‌కోడ్ 760తో మొదలైతే అది మన బరంపురం, 742తో మొదలైతే ముర్షిదాబాద్. ల్యాండ్‌లైన్ నంబరు ముందు 0680 ఉంటే మనది, 03482 ఉంటే బెంగాల్‌ది. బండ్ల నంబరు పలకల మీద ఓడీ 07 కనబడినా అది గంజాం జిల్లాదే. పోస్టు కింద రాసే శీర్షికల్లో బెంగాలీ అక్షరాలు ఎక్కువగా ఉంటే సందేహమే అక్కరలేదు. పదిహేనింటిలో పది మనవైతే ఆ ట్యాగు వాడదగినది. సగానికన్నా తక్కువైతే, దానికి ఎన్ని లక్షల పోస్టులున్నా వదిలేయడమే మేలు. ఈ పరీక్షలో పోస్టుల తేదీలు కూడా చూడాలి. అన్నీ రెండు మూడేళ్ల నాటివైతే అక్కడ మనుషులు తిరగడం లేదని అర్థం.

రెండేళ్లకోసారి అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో ఇంకో తేడా కనబడుతుంది. ఊరి పేరున్న ప్రతి ట్యాగూ వేషాల వీడియోలతో, జనసందోహంతో నిండిపోతుంది. ఆ నెలలో ఒట్టి ఊరి పేరు మీద ఆధారపడిన వ్యాయామం పోస్టు కనబడే అవకాశం తగ్గుతుంది కాబట్టి, అప్పుడు ఊరి పేరుకు పని పేరు కలిపిన ట్యాగుల మీదే ఎక్కువగా ఆధారపడాలి.

తెలుగు లిపిలో పెట్టాలా?

బరంపురంలో తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి `#బరంపురం` అని పెట్టడం సహజమైన ఆలోచన. దీన్ని కొంచెం నెమ్మదిగా చూడాలి. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా గానీ ఇంగ్లిషు గానీ చదువుకున్న తరం పెద్దది. వాళ్లు తెలుగు వింటారు, మాట్లాడతారు, కానీ వెతికేటప్పుడు వేళ్లు తెలుగు అక్షరాల వైపు వెళ్లవు. అందువల్ల తెలుగు వీడియోలో వినబడడం తెలుగు ట్యాగు పెట్టడం కన్నా ఎక్కువ పని చేస్తుంది. శిక్షకురాలు వీడియోలో తెలుగులో చెప్పి, కింద ట్యాగు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే రెండు అవసరాలూ తీరతాయి. ఇచ్ఛాపురం వైపు తెలుగు చదివేవారు ఎక్కువే అయినా, పాతిక కిలోమీటర్ల అవతలి నుంచి రోజూ పొద్దున్నే యోగా బ్యాచికి ఎవరూ రారు.

తెలుగు లిపి ట్యాగులో ఒక సాంకేతిక ఇబ్బంది కూడా ఉంది. ఫిట్‌నెస్ అన్న మాటలో ‘ట్’ తర్వాత అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి కీబోర్డు ఒక కనబడని అక్షరాన్ని చేరుస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని చేర్చవు, అప్పుడు అది ‘ఫిట్నెస్’ అవుతుంది. కంటికి ఈ రెండింటికీ చిన్న తేడాయే అయినా యంత్రానికి ఇవి వేర్వేరు మాటలు. ఒక్కోసారి ఆ కనబడని అక్షరం దగ్గరే ట్యాగు తెగిపోయే ప్రమాదమూ ఉంది. పోస్టు చేశాక ట్యాగులో రంగు మారిన భాగం మాట చివరివరకు వచ్చిందా, మధ్యలో ఆగిందా అని చూస్తే తెలిసిపోతుంది. యోగా, బరంపురం వంటి మాటల్లో ఆ అక్షరం రాదు కాబట్టి తెలుగులో ఒక ట్యాగు పెట్టాలనుకుంటే అటువంటివే నయం.

ఒడియా లిపిలోని `#ବ୍ରହ୍ମପୁର` విషయం వేరు. ఊళ్లో చదివేవారి సంఖ్యనుబట్టి చూస్తే, ఐదింటిలో ఒక చోటు ఇవ్వదగిన స్థానిక లిపి ట్యాగు అదే. పైగా ఆ లిపిలో రాసినప్పుడు బెంగాల్ ఊరితో గందరగోళం పడే అవకాశం చాలా తక్కువ.

ఒక స్టూడియో లెక్క

ఉదాహరణకు గోసాని నువాగాంలో ఒక మేడపై గదిలో నడిచే స్టూడియోను ఊహించుకుందాం. పొద్దున ఐదున్నరకు యోగా, పదిన్నరకు ఆడవాళ్ల బ్యాచి, సాయంత్రం ఆరు నుంచి బరువుల శిక్షణ. దాని పాత నోటులో ముప్పై ట్యాగులు ఉన్నాయి. `#fitness`, `#gymlife`, `#fitnessmotivation`, `#fitindia` వంటివి ఇరవై రెండు, ఊరి పేరున్నవి ఎనిమిది. ఇప్పుడు ఐదే అనగానే యజమాని మొదట అన్నిటికన్నా పెద్దవి ఐదు ఏరుకుంటాడు. అక్కడే పొరపాటు జరుగుతుంది. `#fitness` కింద ప్రపంచమంతటి నుంచి కోట్లాది పోస్టులు ఉన్నాయి, ఆ కుప్పలో గోసాని నువాగాం వీడియో ఎవరికీ దొరకదు. ఇక పోస్టు దేని గురించో చెప్పే గుర్తుగానైనా పనికొస్తుందా అంటే, వీడియోలో మనిషి బరువులు ఎత్తుతున్నాడన్న సంగతి యంత్రం ఆ ట్యాగు లేకుండానే గ్రహిస్తుంది. ఊరికే ఒక చోటు ఖర్చయిపోతుంది.

ఆడవాళ్ల బ్యాచి యోగా వీడియోకు ఐదు చోట్లను ఇలా నింపవచ్చు.

```
#berhampuryoga #brahmapur #gosaninuagaon
#yogaforwomen #ବ୍ରହ୍ମପୁର
```

మొదటిది ఊరినీ పనినీ కలిపిన మాట. దీనికి పోస్టులు తక్కువే ఉంటాయి, కానీ దాన్ని వెతికే మనిషికి కావలసింది సరిగ్గా ఇదే, కాబట్టి మొత్తం గుంపులో దీని విలువే ఎక్కువ. రెండోదీ ఐదోదీ ఊరి పేరును మిగతా రూపాల్లో పట్టుకుంటాయి. మూడోది పేట. నాలుగోది మాత్రమే ఊరితో సంబంధం లేనిది. యోగాలోనూ ఇది ఎవరికోసమన్నది యంత్రానికి స్పష్టంగా చెప్పడమే దాని పని. సాయంత్రపు బరువుల శిక్షణ వీడియోకు వచ్చేసరికి రెండే మారతాయి: మొదటిది `#berhampurgym`, నాలుగోది `#strengthtraining`. పేట, ఊరి పేర్లు అలాగే ఉంటాయి. ఇలా మూడు స్థిరంగా, రెండు విషయాన్నిబట్టి మారేలా పెట్టుకుంటే బ్యాచికి ఒక గుంపు చొప్పున మూడు చిన్న గుంపులు తయారవుతాయి, నోటులో వాటికి బ్యాచి పేర్లే పెట్టుకోవచ్చు. పొద్దుటి యోగాకూ ఆడవాళ్ల బ్యాచికీ మధ్య తేడా నాలుగో చోటు ఒక్కటే.

`#berhampurgym` సరైనదా, `#gymberhampur` సరైనదా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. రెండూ వేరు పేజీలే. పైన చెప్పిన పదిహేను పోస్టుల పరీక్షలో దేనికింద ఊరివాళ్లు, ఇటీవలి పోస్టులు ఎక్కువ ఉంటే అదే వాడాలి. రెండూ సమానమైతే ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడితే, కొన్ని నెలల్లో ఆ చిన్న పేజీలో స్టూడియో పోస్టులు పైన నిలిచే అవకాశం ఉంటుంది.

స్టూడియో సొంత పేరుతో ఒక ట్యాగు పెట్టుకోవడం ముప్పై చోట్లు ఉన్నప్పుడు తప్పు కాదు, ఇప్పుడది ఖరీదైన అలవాటు. ఆ పేరు తెలిసినవాడు ఖాతానే నేరుగా వెతుక్కుంటాడు. సభ్యులు తమ వీడియోల్లో స్టూడియో ఖాతాను మెన్షన్ చేస్తే యజమానికి సమాచారం కూడా వస్తుంది, సొంత ట్యాగు ఆ పని చేయదు.

బరువు తగ్గడం గురించిన ట్యాగుల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. అతిగా సన్నబడడాన్ని పొగిడే `#thinspiration` వంటి మాటలను ఇన్‌స్టాగ్రామ్ 2012లోనే నిషేధించింది. అటువంటి వాటికి దగ్గరి మాటల కింద వెతికితే ఫలితాల బదులు హెచ్చరిక కనబడవచ్చు. వెతికినప్పుడు పోస్టులు రాని ట్యాగును వాడకూడదు.

ట్యాగు ఒక్కటే చేయలేని పని

వెతుకులాటలో పోస్టు దొరకాలంటే కీలకమైన మాటలూ హ్యాష్‌ట్యాగులూ శీర్షికలోనే ఉండాలని, కామెంట్లలో పెడితే లాభం లేదని ఇన్‌స్టాగ్రామ్ 2021లో తన వెతుకులాట విధానం వివరిస్తూ చెప్పింది. శుభ్రంగా కనబడాలని ట్యాగులను మొదటి కామెంటులో దాచే అలవాటు ఇంకా చాలామందికి ఉంది, దాన్ని మానుకోవాలి. అదే వివరణలో ఖాతా పేరు, పరిచయ వాక్యాల్లో ఊరి పేరూ పని పేరూ ఉండాలని కూడా సూచించారు. కాబట్టి ట్యాగుల్లో చోటు దొరకని రూపాలను మామూలు వాక్యాల్లోకి తేవచ్చు. ట్యాగుల్లో `#brahmapur` ఉంటే, శీర్షిక మొదటి వాక్యంలో ‘గోసాని నువాగాం, బెర్హంపూర్, ఆడవాళ్ల యోగా బ్యాచి’ అన్న మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే బెర్హంపూర్ అన్న పేరు కూడా విడిగా పోస్టులో చేరినట్టే. లొకేషను ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. జాబితాలో ఊరి పేరు పక్కన ఒడిశా అని ఉన్నదాన్నే నొక్కాలి.

విశాఖ ట్యాగులు పెడితే ఎక్కువమంది చూస్తారన్న ఆశతో కొందరు `#vizagfitness` వంటివి చేరుస్తారు. అలా వచ్చిన చూపులు బరంపురం స్టూడియోకు పనికిరావు. అంతేకాక, విశాఖలో చూసినవాడు తనకు సంబంధం లేదని రెండు సెకన్లలో దాటేస్తే, మొదట చెప్పిన లెక్కలో అది ఆ వీడియోకు ప్రతికూల గుర్తుగా పడుతుంది. తప్పు ఊరి ట్యాగు నిరుపయోగం మాత్రమే అనుకోవడానికి వీల్లేదు, హాని కూడా చేయగలదు.

పనిచేస్తున్నదో లేదో తెలిసేది ఎలా?

ఖాతా ఇన్‌సైట్స్‌లో చూసేవారి ఊళ్ల జాబితా ఉంటుంది. ట్యాగులు మార్చే ముందు దాన్ని ఒకసారి, ఆరు వారాల తర్వాత మరోసారి రాసుకుంటే దిశ అర్థమవుతుంది. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వంటి పేర్లు పైకి వస్తే ఎంపిక సరైన దారిలో ఉంది. జాబితాలో కోల్‌కతా, ముర్షిదాబాద్ వైపు ఊళ్లు కనబడితే ఊరి పేరు రూపాన్ని మళ్లీ పరీక్షించాలి. మొత్తం చూపుల సంఖ్య ఇదే సమయంలో తగ్గవచ్చు. పాత పెద్ద ట్యాగుల ద్వారా వచ్చిన దూరపు చూపులు పోవడం వల్ల అలా జరుగుతుంది. అది చూసి కంగారుపడి పాత నోటుకు తిరిగి వెళ్లేవారే ఎక్కువ.

ఈ కొలతకు ఒక పరిమితి ఉంది. వారానికి రెండు పోస్టుల చొప్పున ఆరు వారాలకు పన్నెండే అవుతాయి, వాటిలో ఒక్క వీడియో అనుకోకుండా బాగా నడిచినా సగటు తలకిందులవుతుంది. అందుకే ఒక్కో పోస్టు అంకెల కన్నా, స్టూడియో బల్ల మీది నోటుపుస్తకం నమ్మదగినది. కొత్తగా అడగడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఎక్కడ చూశారని, ఇన్‌స్టాగ్రామ్ అయితే ఏమని వెతికారని అడిగి, వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలి. నెలకు ఎనిమిది పది మంది చెప్పినా చాలు. వాళ్లు బ్రహ్మపూర్ అని వెతికారా, బెర్హంపూర్ అనా, లేక గోసాని నువాగాం జిమ్ అనా అన్నది ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా దొరకదు. వచ్చే నెల మొదటి చోట ఏ మాట ఉండాలన్నది దాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు.